మామయ్య గారి షష్టిపూర్తి భోజనాలు: ఎవరు ఏ బల్ల దగ్గర

అత్తయ్యా, నమస్కారం. మీరు నోటుపుస్తకంలో రాసి ఫోటో తీసి పంపిన జాబితా రెండు పేజీలూ పెద్దవి చేసుకుని చదివాను. 47 పేర్లు స్పష్టంగా ఉన్నాయి. రెండో పేజీ ఆఖరి వరుస మీద మీ బొటనవేలు పడింది, "రావు గారు" అన్న ముక్క మాత్రమే కనిపిస్తోంది. ఆయనెవరో చెప్పండి, కుర్చీ ఒకటి అట్టిపెట్టాను. పేర్ల పక్కన మీరు రాసిన "దూ." అంటే దూరంగా అనే అర్థం చేసుకున్నాను.

పక్క హాలులో మామూలు బంతులు నడుస్తాయి కనుక, ఇది లోపలి గదిలో దగ్గరి చుట్టాలకు వేసే ఆరు గుండ్రటి బల్లల సంగతి మాత్రమే. బల్లకు ఎనిమిది మంది, మొత్తం 48. వేదిక ముందు మూడు బల్లలు, వాటి వెనక మూడు. బల్లలకు అంకెలు వేయవద్దని నా మనవి. ఆరో నంబరు ఇచ్చారని ఎవరో ఒకరు తప్పకుండా నొచ్చుకుంటారు. నదుల పేర్లు పెడదాం. ముందు వరుసలో ఎడమ నుంచి గోదావరి, కృష్ణ, వంశధార. వెనక వరుసలో నాగావళి, పెన్నా, తుంగభద్ర.

గోదావరి: వియ్యంకుడు గారు, వియ్యపురాలు గారు, ఆవిడ తల్లిగారు, వాళ్ల పెద్దమ్మాయి, అల్లుడు. వాళ్ల పక్కన మన తరఫున పెద్ద మామయ్య, పెద్దత్తయ్య, నారాయణమూర్తి తాతయ్య. వియ్యాలవారికి మర్యాద చేసే బాధ్యత ఇంటి పెద్దకొడుకుగా పెద్ద మామయ్యదే అవుతుంది.

వంశధార: చిన్న మామయ్య, చిన్నత్తయ్య, మామయ్య గారి బ్యాంకు స్నేహితులు నలుగురు, భ్రమరాంబ గారు, వాళ్లాయన. చిన్న మామయ్యకు బ్యాంకు వాళ్లందరూ తెలుసు కాబట్టి వాళ్లను చూసుకోవడానికి ఆయనే తగినవారు.

పెద్ద మామయ్య, చిన్న మామయ్యల పేర్ల మధ్య మీరు ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి "గట్టు గొడవ" అని రాశారు. చాలాసేపు ఆలోచించింది దీని గురించే. ఒకరిని ముందు, ఒకరిని వెనక కూర్చోబెడితే పొలం గట్టు తగవు భోజనాల దాకా వస్తుంది. అందుకే ఇద్దరూ ముందు వరుసలోనే, వేదికకు సమాన దూరంలో, ఇద్దరికీ ఆతిథ్యం ఇచ్చే పనితో ఉంటారు. మధ్యలో కృష్ణ బల్ల అడ్డు. ఇద్దరి కుర్చీలూ వేదిక వైపు తిప్పి వేయిస్తాను. అలా వేస్తే ముఖాలు ఎదురుపడవు, మామయ్య గారు మళ్లీ మీకు మంగళసూత్రం కట్టిన ఆ వేదికే ఇద్దరి కళ్ల ముందూ ఉంటుంది. ఒకవేళ వాళ్లంతట వాళ్లే లేచి పలకరించుకుంటే మనం ఎవరమూ అడ్డు వెళ్లకూడదు.

కృష్ణ: నానమ్మ, ఆమెను చూసుకునే రత్నం, శాస్త్రి గారు దంపతులు, విశ్వనాథం గారు దంపతులు, సుబ్బలక్ష్మి గారు, జానకి గారు. నానమ్మ చక్రాల కుర్చీలోనే ఉంటుంది కాబట్టి అక్కడ హాలు కుర్చీ ఒకటి తీయించాలి. రత్నాన్ని వెనక నిలబెట్టవద్దు, నానమ్మ పక్కనే విస్తరి వేసి కూర్చోబెడదాం. శాస్త్రి గారి దంపతులకు ఉల్లి, వెల్లుల్లి తగలని కూరలు విడిగా తెమ్మని వంటవాళ్లకు చెప్పాను. విశ్వనాథం గారికి షుగరు, మాత్ర వేసుకున్నాక ఆలస్యం కాకూడదు. వడ్డన ఈ బల్లతోనే మొదలుపెట్టమందాం, వెంటనే గోదావరికి వెళ్తారు. వియ్యాలవారికి ముందుగా నేనే ఈ మాట చెప్పి ఉంచుతాను, పెద్దవాళ్ల కోసమంటే వాళ్లు కాదనరు.

ఇక్కడే ఒక సందేహం. సుబ్బలక్ష్మి గారి పేరు నుంచి జానకి గారి పేరు వరకు బాణం గుర్తు గీశారు. పక్కపక్కన వేయమనా, విడదీయమనా? పక్కన మాటేమీ రాయలేదు. ప్రస్తుతానికి ఒకే బల్లకు వేశాను. విడదీయాలంటే జానకి గారు పెన్నాకు వెళ్తారు, అక్కడి పార్వతి టీచరు గారు ఇటు వస్తారు.

నాగావళి: రవి అన్నయ్య, వాళ్ల తమ్ముడు, మరదలు, కామేశ్వరి గారు, వాళ్లాయన, మా అమ్మ, నాన్న, తమ్ముడు. సంబంధం తప్పిపోయినప్పటి నుంచి కామేశ్వరి గారికీ భ్రమరాంబ గారికీ మాటల్లేవు కదా, ఈ రెండు బల్లలూ గదిలో చెరో మూలకు వస్తాయి. అయితే తాంబూలాల దగ్గర ఇద్దరూ కలవక తప్పదు. భ్రమరాంబ గారికి మీరే బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చి, కాసేపు మాటల్లో ఉంచండి. కామేశ్వరి గారికి ఈలోగా మా అమ్మ ఇస్తుంది.

తుంగభద్ర: సునీత వదిన, వాళ్లమ్మగారు, విశాఖ పెదనాన్న, పెద్దమ్మ, వాళ్లమ్మాయి, నేను, మా ఆయన, ఖాళీగా ఉంచిన రావు గారి కుర్చీ.

పెన్నా: రాజ్యలక్ష్మి పెద్దమ్మ, వెంకటేశ్వర్లు మామయ్య, రవి అన్నయ్య వాళ్ల బాబు, మరో నలుగురు పిల్లలు, పార్వతి టీచరు గారు.

రవి అన్నయ్య, సునీత వదినల విషయం మీరు పెన్సిలుతో "ఎదురుపడితే కష్టం" అని రాసి, కింద చిన్న అక్షరాలతో "రాజ్యం, వాళ్లన్నయ్య బాగానే మాట్లాడుకుంటున్నారు" అని రాశారు. ఆ చిన్న అక్షరాలే నాకు దారి చూపించాయి. మేనరికం కాబట్టి విడిపోయిన ఇద్దరూ మనవాళ్లే, ఎవరినీ పిలవకుండా ఉండలేం. బాబుకు ఆరేళ్లు. అమ్మ బల్లకు పంపితే నాన్న చిన్నబుచ్చుకుంటాడు, నాన్న బల్లకు పంపితే అమ్మ ముద్ద మింగలేదు. వాడి నానమ్మ, తాతయ్య అన్నాచెల్లెళ్లే గనక, మధ్య బల్ల దగ్గర ఆ ఇద్దరి నడుమ వాడిని కూర్చోబెట్టాను. అటు నాగావళి నుంచి నాన్నకూ, ఇటు తుంగభద్ర నుంచి అమ్మకూ వాడు కనిపిస్తూనే ఉంటాడు. వాడు ఎవరి దగ్గరికి పరుగెత్తినా పరవాలేదు, "అటు వెళ్లకు" అని మాత్రం ఎవరూ అనవద్దు. ఈ మాట రాజ్యలక్ష్మి పెద్దమ్మకు మీరు చెబితేనే బాగుంటుంది.

చేతులు కడుక్కునే చోట్లు రెండున్నాయని హాలు మేనేజరును అడిగి తెలుసుకున్నాను. నాగావళి వాళ్లకు ఎడమ వైపుది దగ్గర, తుంగభద్ర వాళ్లకు కుడి వైపుది. ఎడమ కుళాయి సన్నగా వస్తోందట, శనివారంలోగా బాగుచేయిస్తానన్నాడు. అది జరగకపోతే అందరూ కుడి వైపుకే వస్తారు, మన ఏర్పాటంతా దెబ్బతింటుంది. కిరణ్ బావను శనివారం సాయంత్రం స్వయంగా వెళ్లి కుళాయి తిప్పి చూడమనండి.

గుమ్మం దగ్గర నిలబడే కుర్రాళ్లకు పేరు, బల్ల పేరు మాత్రమే ఉన్న కాగితం ఇస్తాను. ఎవరైనా నేను ఫలానా వాళ్ల దగ్గర కూర్చుంటానని అడిగితే వాళ్లు వాదించకుండా నన్ను పిలవాలి. "మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టవద్దన్నారు" అన్న మాట ఎవరి నోటా రాకూడదు. మీరు పంపిన ఫోటోలు నా ఫోనులోంచి తీసేశాను. మీరు కూడా తీసేయండి, కుటుంబం గ్రూపులోకి పొరపాటున వెళ్లాయంటే ఇన్ని జాగ్రత్తలూ వృథా. ఆ నోటుపుస్తకం హాలుకు తీసుకురావద్దు.

మీరూ మామయ్య గారూ, కిరణ్ బావ వాళ్లూ రెండో బంతిలో గోదావరి బల్ల దగ్గరే కూర్చోండి. రావు గారు ఎవరో, ఆ బాణం అర్థమేమిటో శుక్రవారం సాయంత్రంలోగా చెబితే బల్లల మీద పెట్టే పేర్ల అట్టలు రాత్రికే రాసేస్తాను.

మీ మేనకోడలు
శిరీష