హారిక, 6వ తరగతి: మొదటి టర్మ్ ప్రోగ్రెస్ రిపోర్టులో ఉపాధ్యాయుల వ్యాఖ్య

ఈ టర్మ్‌లో నేర్వవలసిన పాఠ్యాంశాలన్నీ హారికకు వచ్చాయి. మార్కులు ముందు పేజీలో ఉన్నాయి కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఆమె పని చేసే తీరు, ఆ తీరులో మారవలసినవి, వచ్చే టర్మ్‌లో మేము ఇవ్వబోయే పని, ఇంట్లో మీరు చేయగలిగినవి మాత్రమే రాస్తున్నాం. గణితం, విజ్ఞానం, తెలుగు చెప్పే ముగ్గురం కలిసి రాసిన వ్యాఖ్య ఇది. ఆంగ్లం, సాంఘికంలో ప్రత్యేకంగా చెప్పవలసింది ఏమీ లేదు, పని సక్రమంగా సాగుతోంది.

40 నిమిషాల పీరియడ్‌కి సరిపడా ఇచ్చిన అభ్యాసాన్ని హారిక చాలాసార్లు 15 నిమిషాల్లో ముగిస్తుంది. మిగిలిన సమయంలో నోటుపుస్తకం చివరి పేజీల్లో బొమ్మలు వేస్తుంది, లేదా పక్కనున్న పిల్లలకు జవాబు చెప్పేస్తుంది. ఇది అల్లరి కాదు. చేతిలో పని లేకపోవడం వల్ల వచ్చింది, ఆ లోటు మేము తీర్చవలసింది. ముందుగా ముగించినందుకు అవే రకం లెక్కలు మరో పది ఇవ్వడం మాత్రం మేము మానేశాం. అలా ఇస్తే త్వరగా చేయడం శిక్షలా అనిపిస్తుంది, కొద్ది రోజులకు పిల్లలు కావాలనే మెల్లగా చేయడం మొదలుపెడతారు. మిగతా పిల్లలకు నేర్పే పని ఆమెకు రోజూ అప్పగించడం కూడా సరికాదనుకుంటున్నాం. అప్పుడప్పుడు పర్వాలేదు కానీ, తనకు వచ్చినదాన్నే తిరిగి చెప్పడంతో పీరియడ్ గడిచిపోకూడదు.

వేగం వల్ల జరుగుతున్న పొరపాట్లు మూడు రకాలు. ఒకటి, లెక్కలో మధ్య మెట్లు రాయదు. జవాబు సరిగ్గా ఉన్నప్పుడు ఇది బయటపడదు. తప్పినప్పుడు మాత్రం ఎక్కడ తప్పిందో ఆమెకే దొరకదు, మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెడుతుంది. రెండు, ప్రశ్న చివరి వాక్యం చదవకుండానే లెక్క మొదలుపెడుతుంది. చుట్టుకొలత అడిగిన చోట వైశాల్యం కట్టడం, జవాబు మీటర్లలో అడిగితే సెంటీమీటర్లలో వదిలేయడం ఈ కోవలోవే. మూడు, తెలుగు రాతలో ఒత్తులు, దీర్ఘాలు జారిపోతాయి. నెమ్మదిగా రాయించినప్పుడు ఇవే పదాలు తప్పు లేకుండా రాస్తుంది కాబట్టి ఇది తెలియకపోవడం కాదు, తిరిగి చూసుకోకపోవడం.

వీటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. దారి వెంటనే కనిపించని ప్రశ్న ఇస్తే హారిక రెండు మూడు నిమిషాల్లో పెన్సిల్ పక్కన పెట్టేసి, "ఇది పరీక్షలో వస్తుందా?" అని అడుగుతుంది. కారణం మాకు అర్థమవుతూనే ఉంది. ఇంతవరకు ఇచ్చిన పనిలో ఆమె ఎక్కడా ఆగవలసిన అవసరం రాలేదు. ఆగిపోయినప్పుడు ఏం చేయాలన్నది అలవాటు లేని పిల్లలు ఆగడాన్నే ఓటమి అనుకుంటారు. పై తరగతుల్లో ఒక్కో లెక్కకు అరగంట పట్టే రోజు వస్తుంది, అప్పటికి ఈ అలవాటు ఉండాలి. అందువల్ల వచ్చే టర్మ్‌లో మేము పెంచాలనుకుంటున్నది పని లోతు. తర్వాతి తరగతి పాఠాలు ముందే చెప్పే ఆలోచన లేదు.

టర్మ్ చివరి వారాల్లో ఇలాంటి పని కొంత మొదలుపెట్టి చూశాం. గణితంలో ఇచ్చిన ప్రశ్న ఇది: చుట్టుకొలత 24 సెం.మీ. ఉండి, భుజాలు పూర్ణ సంఖ్యల్లో ఉన్న దీర్ఘచతురస్రాలు ఎన్ని? హారిక మొదట 6×6 ఒక్కటే రాసి చూపించింది. "ఇంకా ఉన్నాయా? అన్నీ వచ్చేశాయని ఎలా చెప్పగలవు?" అని అడిగితే ఐదింటిని కనుక్కుంది. 1×11 వదిలేసింది. మరీ సన్నగా ఉంది, అది దీర్ఘచతురస్రంలా లేదని తన వాదన. నిర్వచనం మళ్లీ చదివాక తనే దాన్ని చేర్చుకుంది. ఆ తర్వాత భుజాలను వరుసలో పెట్టి వైశాల్యాలు రాసింది: 11, 20, 27, 32, 35, 36. పక్కపక్క సంఖ్యల మధ్య తేడాలు 9, 7, 5, 3, 1 అని మేము చెప్పకముందే గమనించి, వాటి కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసింది. అలా ఎందుకు వస్తోందన్న ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. ఒక్కో వైశాల్యాన్నీ 36 నుంచి తీసేసి, వచ్చిన సంఖ్యలను చూడమని మాత్రం చెప్పాం. జవాబు దయచేసి ఇంట్లో చెప్పకండి.

భిన్నాల్లో తర్వాతి పని కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది. 1/2ను రెండు వేర్వేరు భిన్నాల మొత్తంగా రాయాలి, రెండింటి లవమూ 1 కావాలి: 1/3 + 1/6. 1/3కి 1/4 + 1/12. రెండు మూడు చేశాక పిల్లలకు ఒక సూత్రం కనిపిస్తుంది, దానితో ఆగిపోతారు. హారిక కూడా అక్కడే ఆగుతుందని అనుకుంటున్నాం. అప్పుడు 1/4ను మరో విధంగా రాయగలవా అని అడుగుతాం. ఆమె సూత్రం 1/5 + 1/20 ఇస్తుంది కానీ 1/6 + 1/12 కూడా సరిపోతుంది. 1/6కి నాలుగు విధాలున్నాయి, 1/5కి ఒక్కటే. ఏ సంఖ్యలకు ఒక్క విధమే ఉంటుందో వెతకడం రెండు వారాలకు సరిపోయే పని. ఇందులో కావలసింది భిన్నాల కూడిక మాత్రమే, అది ఆమెకు వచ్చు. కొత్త పాఠం అక్కరలేదు, కొత్తగా ఆలోచించడమే కావాలి.

విజ్ఞానంలో లోలకం ప్రయోగం చేయించాం. బరువు పెంచితే ఊగే వేగం మారుతుందని హారిక ముందుగా ఊహించింది, ఊహను రాసిపెట్టింది కూడా. ఫలితాలు ఆమె ఊహకు దగ్గరగానే వచ్చాయి! అయితే ఒక వాషర్ బదులు నాలుగు వాషర్లను ఒకదాని కింద ఒకటి వేలాడదీసినప్పుడు బరువుతో పాటు లోలకం పొడవు కూడా పెరిగింది. పొడవును దారం పైముడి నుంచి బరువు మధ్య వరకు కొలవాలి, ముడి నుంచి ముడికి కాదు. నాలుగు వాషర్లనూ ఒకే చోట గుత్తిగా కట్టి మళ్లీ చేశాక తేడా పోయింది. ఒకేసారి రెండు విషయాలు మారితే ఏది కారణమో చెప్పలేమన్నది పుస్తకంలోని వాక్యంగా ఆమెకు ముందే తెలుసు, ఇప్పుడు తన పట్టికలోనే కనిపించింది. ఈ పని ఆమెను పూర్తిగా కూర్చోబెట్టింది. వచ్చే టర్మ్‌లో 25 సెం.మీ., 50 సెం.మీ., 100 సెం.మీ. పొడవులతో పది ఊగుల సమయం కొలుస్తుంది. 25 సెం.మీ.కి సుమారు 10 సెకన్లు, 100 సెం.మీ.కి సుమారు 20 సెకన్లు రావాలి. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలే ఎందుకైందో గ్రాఫ్ గీసి మాటల్లో చెప్పాలి. ఒక్క ఊగును కొలిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో జరిగే ఆలస్యమే పెద్ద తప్పవుతుంది కనుక పదేసి ఊగులు లెక్కపెట్టి, ప్రతి పొడవుకు మూడుసార్లు చేసి సగటు తీయమని చెప్పాం.

తెలుగులో హారిక వేగంగా, అర్థం చెడకుండా చదువుతుంది. పాఠం కింద ప్రశ్నలకు ఒక్క వాక్యంలో సరైన జవాబు రాస్తుంది, అంతకు మించి రాయదు. "ఆ పాత్ర అలా ఎందుకు చేసింది?" అన్నప్పుడు "కోపం వచ్చి" అని ఊరుకుంటుంది. ఇకపై ప్రతి జవాబుకు పాఠంలోని ఏ వాక్యం ఆధారమో చూపించాలి. వారానికి ఒకటి, చదివిన కథలోని ఒక సంఘటనను మరో పాత్ర మాటల్లో పది పన్నెండు వాక్యాల్లో రాయాలి. ఆ పాత్రకు తెలియని విషయం రాతలోకి రాకూడదు. నియమం చిన్నదే అయినా చేయడం కష్టం, మళ్లీ పాఠం తిరగేయక తప్పదు. రాసిన మర్నాడు తనే దిద్దుకుని తెస్తుంది. మొదటి రోజు ఒత్తులు, దీర్ఘాల గురించి మేము ఏమీ అనం.

తరగతి గదిలో ఏర్పాటు ఇలా ఉంటుంది. అందరికీ ఇచ్చే అభ్యాసంలో చివరి ఐదు లెక్కలను హారిక ముందుగా చేస్తుంది, మెట్లతో సహా. సాధారణంగా కఠినమైనవి చివర ఉంటాయి. అవి సరిగ్గా ఉంటే మొదటివి చేయనక్కర్లేదు, లోతైన ప్రశ్నకు వెళ్లవచ్చు. రెండు తప్పితే అందరితో పాటు మొత్తం చేయాలి. ఈ ఏర్పాటు హారిక ఒక్కదానికే కాదు, ఆ రోజు పాఠంలో ఎవరు సిద్ధంగా ఉంటే వారికి. కొన్ని పాఠాల్లో వేరే పిల్లలుంటారు, హారిక ఉండకపోవచ్చు. కాబట్టి ఆమెను ప్రత్యేక గుంపులో వేశారని గానీ, తీసేశారని గానీ అనుకోవద్దు. పక్కవారికి సాయం చేయాలనిపిస్తే జవాబు కాకుండా ఒక ప్రశ్న అడగమని చెప్పాం. ఇది ఆమెకు ఇంకా అలవాటు కాలేదు.

ఇంట్లో వారానికి రెండు సాయంత్రాలు, 20 నిమిషాల చొప్పున చాలు. మేము పంపే ఒకే ఒక్క ప్రశ్న మీద కూర్చోబెట్టండి. ఆగిపోతే మొదటి పది నిమిషాలు ఏమీ చెప్పకండి. తర్వాత కూడా దారి చూపకుండా, "ఇంతవరకు ఏమేం ప్రయత్నించావు?", "చిన్న సంఖ్యలతో చేసి చూశావా?" అని అడగండి. 20 నిమిషాల్లో తెగకపోతే అక్కడికి ఆపి, ఎక్కడ ఆగిందో ఒక్క వాక్యం రాయించి పంపండి. ఖాళీ కాగితం కంటే ఆ వాక్యం మాకు ఎక్కువ పనికొస్తుంది. మెచ్చుకోవలసి వచ్చినప్పుడు ఎంత త్వరగా చేసిందన్నది కాక, ఏ తప్పును తనే పట్టుకుందన్నది చెప్పండి. అన్నదమ్ములతో, తోటి పిల్లలతో పోలిక వద్దు. పై తరగతి పుస్తకాలు కొనిపెట్టవలసిన అవసరం లేదు, ఆ పాఠాలు ఇప్పుడే పైపైన చదివేస్తే వచ్చే ఏడాది మళ్లీ ఇదే ఖాళీ మిగులుతుంది.

మొదట్లో ఒకటి రెండు వారాలు హారిక విసుక్కోవచ్చు, "ఈ మధ్య నాకు లెక్కలు రావడం లేదు" అనవచ్చు. తప్పులు కూడా పెరగవచ్చు. ప్రశ్నలు కఠినమైనందువల్ల వచ్చే మార్పు అది, వెనుకబడడం కాదు. అయితే నాలుగు వారాలు దాటినా బడి పేరు చెబితే చిరాకు పడుతున్నా, రాత్రి నిద్ర చెడుతున్నా మాకు వెంటనే చెప్పండి, పని తగ్గిస్తాం.

వచ్చే టర్మ్ చివర మేము చూసేవి: మధ్య మెట్లు అడగకుండానే రాస్తోందా, ప్రశ్న ఏమి అడిగిందో గీత గీసుకుంటోందా, దారి దొరకని ప్రశ్న మీద కనీసం 15 నిమిషాలు నిలబడి రెండు వేర్వేరు ప్రయత్నాలు కాగితం మీద చూపుతోందా. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు ఆమె లోలకం పట్టిక, దీర్ఘచతురస్రాల పేజీ చూపిస్తాం. కొట్టివేతలతో సహా అలాగే ఉంచమని ఆమెకు చెప్పాం, తిరగరాయించవద్దు.

గణిత, విజ్ఞాన, తెలుగు ఉపాధ్యాయులు