విజయవాడ జాబ్ మేళా: అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి స్వీయ పరిచయం

అందరికీ నమస్కారమండీ. నా పేరు శ్రావణి. మాది గుంటూరు. నేను 2022లో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను. మీరు ప్రకటించిన అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగం కోసం వచ్చాను.

నా రెజ్యూమెలో అనుభవం కింద ఒక్క ఉద్యోగమే కనిపిస్తుంది. 2023 చివరి నుంచి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తున్నాను. రైతులు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా అయ్యాక, తక్‌పట్టీ అనే అమ్మకపు చీటీలో ఉన్న బరువు, ధర, మినహాయింపులను అదే రోజు ట్యాలీలో నమోదు చేయడం, నెలాఖరుకు బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చి తేడాలు ఎక్కడున్నాయో వెతకడం నా ప్రధానమైన పని. సరుకు విలువ యాభై వేలు దాటినప్పుడు ఈ-వే బిల్లు కూడా నేనే తయారు చేస్తాను. జీఎస్టీ రిటర్నులకు వివరాలు సిద్ధం చేయడం వరకే నా బాధ్యత, దాఖలు చేసేది మా ఆడిటరుగారు. అందుకే రెజ్యూమెలో 'సహకారం' అని మాత్రమే రాశాను.

ఫిబ్రవరి నుంచి యార్డుకు సరుకు పోటెత్తుతుంది. ఆ సీజనులో రైతు ఎదురుగా నిలబడి తన డబ్బు లెక్క అడుగుతుంటే, తొందరలోనూ అంకె తప్పకుండా రాయడం నాకు అలవాటైంది. ఏ ధ్రువపత్రంలోనూ కనిపించని ఈ నేర్పునే నేను ఎక్కువగా నమ్ముకుంటాను.

డిగ్రీకి, ఉద్యోగానికి మధ్య ఉన్న విరామంలో నాన్నగారి చికిత్స చూసుకుంటూనే ట్యాలీ కోర్సు చేశాను. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వరకు వచ్చు, మాక్రోలు రావు.

గుంటూరు నుంచి రోజూ రైల్లో విజయవాడ రాగలను. ఎంపికైతే, ఇప్పటి యజమానికి నెల రోజుల ముందు చెప్పి చేరతాను.