అక్క పెళ్ళి విందులో తమ్ముడి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం.

ముందుగా పెద్దలకు. తెల్లవారుజాము నుంచి ఒక్క మంత్రం కూడా తొందరపడకుండా, అర్థం చెప్పి మరీ ఈ పెళ్ళి జరిపించిన పంతులుగారికి పాదాభివందనం. అంత దూరం హనుమకొండ నుంచి బస్సులో కూర్చుని, దిగగానే "అలసట లేదు, ముందు పిల్లను చూడాలె" అన్న బావగారి నాన్నమ్మగారికి, మావయ్యగారికి, అత్తయ్యగారికి, వాళ్ళ బంధువులందరికీ పేరుపేరునా నమస్కారాలు. మా తాతయ్యకి, అమ్మమ్మకి, పెదనాన్నగారికి, పెద్దమ్మకి, రావులపాలెం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పొద్దున్నే తయారై వచ్చిన చుట్టాలకీ స్నేహితులకీ నమస్కారం. మోకాలు నొప్పి అని ఏడాదిగా మేడ మెట్లు ఎక్కని మా పెద్దమామయ్య, ఇవాళ అక్కను బుట్టలో కూర్చోబెట్టుకుని పెళ్ళిపీటల దాకా మోసుకొచ్చాడు. మామయ్యా, నీకు ప్రత్యేకంగా దండం. అత్త ఇప్పటికే నొప్పుల మందు పట్టుకుని కూర్చుంది, భోజనం అవగానే ఆవిడకి దొరుకు.

ఇంతమంది పెద్దల ముందు మాట్లాడుతున్నాను. తమ్ముడిని కాబట్టి అక్కను కాస్త ఆటపట్టించే హక్కు నాకుంది, దానికి మీ అందరి అనుమతి కోరుతున్నాను. అక్క అనుమతి అడగలేదు. అడిగితే ఇవ్వదు.

మా అక్క గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఎదుటివాళ్ళకి ఏం కావాలో వాళ్ళకంటే ముందే ఆవిడకి తెలిసిపోతుంది. ఇవాళ పొద్దున్నే జరిగింది చెబుతాను. లాజహోమంలో పేలాలు అక్క దోసిట్లో పోయాల్సింది తోడబుట్టినవాడే కదా. ఎదురుగా అగ్నిహోత్రం, పక్కన కొత్త భర్త, చుట్టూ కెమెరాలు. నేనేమో గొంతు పూడుకుపోయి, వణుకుతున్న చేతులతో పేలాలు పోస్తున్నాను. అక్క తల కొంచెం పక్కకి వంచి, నాకు మాత్రమే వినబడేలా ఏదో అంది. ఆశీర్వాదమేమో అనుకున్నాను. "లాల్చీ పైబొత్తాం ఊడిపోయింది, ఫోటోలో పడుతుంది, పెట్టుకో" అంది. చూసుకుంటే నిజంగానే ఊడిపోయి ఉంది. ఆ పొగలో, ఆ మంత్రాల మధ్య, తలవంచుకుని కూర్చున్న పెళ్ళికూతురికి అది ఎలా కనబడిందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఇది ఇవాళ కొత్తగా వచ్చిన అలవాటు కాదు. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ రోజు పొద్దున్న మా వీధిలో కరెంటు పోయింది. ఉన్న ఒక్క మంచి చొక్కా ముడతలు ముడతలుగా ఉంది. ఇంట్లో అందరికీ టెన్షన్. అక్క వంటింట్లోకి వెళ్ళి, స్టీలు చెంబు నిండా సలసల కాగే నీళ్ళు పోసి తెచ్చింది. చెంబు అంచుని పాత తువ్వాలుతో పట్టుకుని, మంచం మీద దుప్పటి పరిచి, కాలర్ మీద, చేతుల మీద, బొత్తాల పట్టీ మీద మెల్లగా రుద్దింది. నీళ్ళు చల్లారితే మళ్ళీ కాచింది. ఆ చొక్కాతో వెళ్ళి ఆ ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ రోజు తనకీ పరీక్ష ఉందని నాకు సాయంత్రం దాకా తెలియదు. చెప్పలేదు. అడిగితే "చెబితే చొక్కా ఇస్త్రీ అవుతుందా?" అంది.

ఇంత ప్రేమగల అక్క అంటే ఎంత మెత్తనిదో అనుకునేరు. మావయ్యగారూ, ఇది మీకు ముందే చెప్పడం మా ధర్మం. నా పరీక్షల రోజుల్లో టీవీ రిమోట్‌లో బ్యాటరీలు ఉండేవి కావు. అవి ఎక్కడుంటాయో నాన్నకీ తెలియదు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున ఈ ఇంటి యజమాని, పాపం, పోపులపెట్టెలో ఆవాల అడుగున కూడా వెతికారు. మీ ఇంట్లో రిమోట్ పనిచేయకపోతే షాపుకి పరిగెత్తకండి, ముందు కోడలిని అడగండి. ఇంకో మాట. కూరల బండి దగ్గర అక్క బేరం ఆడుతుంటే మీరు పక్కన నిలబడకండి, మొహమాటం వేస్తుంది. అయితే కరివేపాకు మాత్రం జన్మలో కొనక్కర్లేదు.

ఇప్పుడు పెళ్ళిచూపుల సంగతి. ఆ రోజు ఇక్కడున్న వాళ్ళలో చాలామంది లేరు, కాబట్టి చెప్పాలి. పెద్దవాళ్ళెవరో ఆనవాయితీగా "అమ్మాయికి వంట వచ్చా?" అని అడిగారు. అక్క చాలా మర్యాదగా, చేతులు కట్టుకునే, "వచ్చండి. మరి ఆయనకి?" అంది. హాల్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. నాన్న మొహం చూడాలి. ఇంక సంబంధం వెళ్ళిపోయినట్టే అనుకున్నారు. అప్పుడు అందరికంటే ముందు నవ్వింది ఎవరో తెలుసా? మా అత్తయ్యగారు. నవ్వి, కొడుకు వైపు తిరిగి, "అడుగుతోంది కదా, చెప్పు" అన్నారు. బావగారు ఏమాత్రం తడుముకోకుండా "టీ పెడతానండి. పప్పుచారు నేర్చుకుంటాను" అన్నారు. మాట వరసకి అన్నారనుకున్నాం. తరవాతి ఆదివారం అక్క ఫోన్‌కి పప్పుచారు ఫోటో వచ్చింది. పప్పు ఒక పక్క, చారు ఒక పక్క ఉన్నాయి, కలవలేదు. కానీ అక్క ఆ ఫోటో చూసుకుని నవ్విన నవ్వు ఉంది చూశారూ, అప్పుడే మా అమ్మ నాన్నతో అంది, "ముహూర్తం పెట్టించండి" అని.

అత్తయ్యగారూ, ఆ రోజు మీరు ముందు నవ్వినందుకు మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉంటాం. ఆడపిల్ల ధైర్యంగా ఒక మాట అడిగితే తప్పు పట్టకుండా నవ్వగలిగిన ఇంటికి మా అక్క వెళుతోందన్న భరోసా మాకు అక్కడే దొరికింది.

గోదావరి పిల్ల ఓరుగల్లు ఎలా వెళుతుంది, అంత దూరం ఎందుకు, అని మా వైపు చుట్టాలు కొందరు బెంగపడ్డారు. దానికి మా తాతయ్య, బడిలో చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి, ఒకటే సమాధానం చెప్పారు. 13వ శతాబ్దంలో కాకతీయ రాణి రుద్రమదేవి పెళ్ళాడింది మన నిడదవోలు చాళుక్య వీరభద్రుడిని కదా, అప్పుడు మనవైపు నుంచి అల్లుడు వెళ్ళాడు, ఇప్పుడు కోడలు వెళుతోంది, ఇందులో దూరం ఏముంది, అన్నారు. తాతయ్య చరిత్ర తీస్తే ఇంక ఎదురు మాట్లాడేవాళ్ళుండరు. నాన్న మాత్రం చరిత్ర నమ్ముకోలేదు, రైళ్ళ టైంటేబుల్ నమ్ముకున్నారు. రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేలోపే వరంగల్లులో దిగొచ్చని నిశ్చితార్థం నాటికే కంఠస్థం చేశారు. మావయ్యగారూ, మీ ఇంటి తలుపు అర్ధరాత్రి ఎవరైనా కొడితే భయపడకండి. ఆత్రేయపురం పూతరేకుల డబ్బాతో మా నాన్నే అయ్యుంటారు. తిరుగు ప్రయాణంలో ఆ డబ్బా ఖాళీగా పంపకండి, అత్తయ్యగారి చేతి సకినాలు మొన్న నేను ఒక్కడినే సగం తినేశాను, అమ్మ ఇంకా కోపంగా ఉంది.

రెండిళ్ళూ కలవడం మొదలైపోయింది కూడా. నాన్న ఫోన్ చేస్తే బావగారు "ఆయ్, చెప్పండి మావయ్యగారూ" అంటున్నారు. అక్కేమో అన్నం ఎలా ఉంది అంటే "మంచిగుంది" అంటోంది. లగ్నపత్రిక రాసుకున్న రోజు బావగారి నాన్నమ్మగారు అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, గడ్డం పట్టుకుని, "ఇగ నువ్వు మా బిడ్డవే" అన్నారు. నాన్నమ్మగారూ, ఆ మాట విని మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. మీకు తెలియాలని చెబుతున్నాను.

బావగారూ, ఇప్పుడు మీ గురించి. బిందెలో ఉంగరం తీసే ఆటలో మా అక్క గెలిచిందని మా వాళ్ళంతా ఈలలు వేశారు. నేను బిందె పక్కనే కూర్చున్నాను. రెండోసారి ఉంగరం మీ వేళ్ళలోనే ఉంది. నీళ్ళలో చెయ్యి కొంచెం పక్కకి జరిపి, దాన్ని అక్క అరచేతిలోకి వదిలేశారు. పైకి మాత్రం తెగ వెతుకుతున్నట్టు మొహం పెట్టారు. అక్కా, నీకిది తెలియదు కదూ? ఇంటికెళ్ళాక తేల్చుకోండి. మా అందరికీ మాత్రం ఒక సంగతి తేలిపోయింది.

కన్యాదానం అప్పుడు అమ్మ నీళ్ళు పోస్తుంటే నాన్న మీ కాళ్ళు కడిగారు. అంత పెద్దాయన వంగి కాళ్ళు కడుగుతుంటే మీరు పీట మీద కుదురుగా కూర్చోలేకపోయారు, కాళ్ళు వెనక్కి లాక్కోబోయారు. పంతులుగారు "కూర్చో నాయనా, ఈ కాసేపు నువ్వు విష్ణుమూర్తివి" అంటే ఆగారు. తంతు అయ్యాక ఎవరూ చెప్పకుండానే వెళ్ళి మా అమ్మానాన్నల కాళ్ళకు దండం పెట్టారు. బావగారూ, మా ఇంట్లో నాకు అన్నయ్య లేడు. ఇవాళ్టి నుంచి ఉన్నాడు.

మీకు ఒకే ఒక్క విన్నపం. మా అక్క అందరూ తిన్నారా లేదా అని అడుగుతూ తిరుగుతుంది. తాను తిన్నదా లేదా ఎవరికీ చెప్పదు. అందరికీ వడ్డించి, గిన్నెలో అడుగున మిగిలిన కూరతో సరిపెట్టుకుని "నాకు ఆకలి లేదు" అనేస్తుంది. ఆ మాట నమ్మకండి. అది మేము చాలా ఏళ్ళు నమ్మేశాం. మీరు పక్కన కూర్చోబెట్టుకుని, పళ్ళెం ముందు పెట్టి, తినేదాకా లేవకండి. పప్పుచారు మీరు కాచిందైనా పర్వాలేదు, తింటుంది.

అక్కా. నీ గది అలాగే ఉంటుంది. నీ అలమరలో నేను నా బట్టలు పెట్టుకుంటానని బెంగపడకు, అమ్మ ఇప్పటికే తాళం వేసింది. పండక్కి రా, పండగ లేకపోయినా రా. అలిగి మాత్రం రాకు, బావగారిని వెంటపెట్టుకుని నవ్వుతూ రా. నాన్న మందులు రోజూ నేను గుర్తుచేస్తాను, పాల లెక్క నేను రాస్తాను, అమ్మమ్మ కళ్ళ పరీక్షకి నేను తీసుకెళతాను. నువ్వు నాకు రాసిచ్చిన కాగితం నా పర్సులో ఉంది. అటూ ఇటూ రెండు వైపులా రాశావు, అక్షరాలు చిన్నవి, అయినా చదువుకుంటాను. నువ్వక్కడ ఏ దిగులూ పెట్టుకోకుండా హాయిగా ఉండాలి.

పెద్దలందరూ దయచేసి వేదిక మీదకి వచ్చి, నాలుగు అక్షింతలు వేసి, మా అక్కనూ బావగారినీ నిండు మనసుతో దీవించండి. నాన్నమ్మగారూ, మా అమ్మమ్మా, ముందు మీరిద్దరూ రండి, మెట్ల దగ్గర నేను చెయ్యి పట్టుకుంటాను.

ఆ తరవాత భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. పనసపొట్టు కూర, గుత్తివంకాయ, నెయ్యి పోసిన బూరెలు. మొదటి పంక్తి హనుమకొండ వాళ్ళది. మా వైపు వాళ్ళందరం వడ్డనకి లేవాలి. మావయ్యగారూ, దయచేయండి, ఆకులు వేసేశారు.