‘చప్పుడు’: డెమో డే స్క్రిప్ట్, రెండు నిమిషాలు

భీమవరం, ఆదివారం మధ్యాహ్నం. మనది పదకొండో టీము. చూపించేది ‘చప్పుడు’ పెట్టె: చెరువు నీళ్ళకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే ఫోను చేసి లేపుతుంది. మైకు నాది. కూలరు పంపు పెట్టిన నీళ్ళ టబ్బు దగ్గర ఒక్కరే ఉండాలి, ఇంకొకరు ల్యాప్‌టాప్ దగ్గర. స్లైడు ఒక్కటే: చెరువు గట్టు ఫోటో, దాని మీద పేరు. మిగతాదంతా టబ్బే చెప్పాలి. పెదనాన్న బటన్ల ఫోను వాల్యూమ్ పూర్తిగా పెంచి ముందే ఒక జడ్జి గారి చేతికిస్తాం. పంపు స్విచ్చి బోర్డు రెండో జడ్జి గారి ముందు పెడతాం.

0:00

(పంపు అప్పటికే తిరుగుతూ ఉంటుంది. మూడు సెకన్లు నేనేమీ మాట్లాడను. నీళ్ళ చప్పుడు హాలుకి వినపడనివ్వాలి.)

నమస్కారమండి. ఈ చప్పుడు మీలో చాలామందికి తెలిసిందే. రొయ్యల చెరువులున్న ఊళ్ళో రాత్రంతా ఏరియేటర్లు ఇలాగే తిరుగుతాయి. కొత్తగా వచ్చిన చుట్టానికి నిద్ర పట్టదు, మాకేమో అది లేకపోతే పట్టదు.

పోయిన వేసవిలో ఒక రాత్రి మా పెదనాన్న చెరువులో ఈ చప్పుడు ఆగిపోయింది. ఫ్యూజు కొట్టేసింది. కాపలా అబ్బాయి గట్టు మీద మకాంలోనే ఉన్నాడు, కానీ లేవలేదు. పక్క చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి మరి, వాడికి చప్పుడు ఆగినట్టే లేదు. నాలుగింటికి లేచి చూస్తే రొయ్యంతా గట్టు అంచుకి చేరి ఉంది. జనరేటర్ వేసేసరికే ఆలస్యమైపోయింది. పట్టుబడికి ఇంకో పన్నెండు రోజులుందనగా.

0:35

పగలు నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే ఆ నాచూ, రొయ్యా, అడుగు బురదా అన్నీ కలిసి దాన్నే వాడేసుకుంటాయి. తెల్లవారే ముందు అది బాగా పడిపోతుంది. మనిషికి మెలకువగా ఉండడం బాగా కష్టమయ్యేది కూడా సరిగ్గా అప్పుడే.

0:45

సార్, మీ చేతిలో ఉన్నది మా పెదనాన్న ఫోను. అందులో యాప్ ఏమీ లేదు. మేడం, మీ ముందున్న స్విచ్చి ఒకసారి ఆపేయండి.

(పంపు ఆగుతుంది. ఇక్కడ తొందరపడకూడదు. రెండు సెకన్ల నిశ్శబ్దం.)

ఆగింది. చెరువు దగ్గర మెయిన్ వైర్లకి ఇలాంటి క్లాంపులు తగిలిస్తాం, వైరు కొయ్యక్కర్లేదు. కరెంటు పారట్లేదని పెట్టెకి ఇప్పటికే తెలిసింది. కానీ పదిహేను సెకన్లు ఆగుతుంది. కరెంటు ఇలా పోయి అలా వచ్చేస్తే మనిషిని లేపకూడదు కదండీ. వైఫై పెట్టలేదు. కరెంటు పోతే రౌటరు కూడా పోతుంది. లోపల ఒక సిమ్ము, ఒక బ్యాటరీ, అంతే.

(ఫోను మోగుతుంది. మాట మధ్యలో ఉన్నా అక్కడే ఆపేస్తాను.)

ఎత్తండి సార్. ఇప్పుడు 1 నొక్కండి.

(పెట్టె మీద ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వస్తుంది. టబ్బు దగ్గరున్నవాళ్ళు పెట్టెని హాలు వైపు తిప్పాలి.)

ఫోను ఎత్తినంత మాత్రాన ఇది ఊరుకోదు. నిద్రలో ఎత్తి పక్కన పడేసేవాళ్ళుంటారు. 1 నొక్కకపోతే రెండో నంబరుకి చేస్తుంది, అక్కడా నొక్కకపోతే మూడో నంబరుకి. మా పెట్టెలో మూడోది మా పెద్దమ్మ నంబరు. ఆవిడ లేచిందంటే వీధంతా లేస్తుంది.

1:35

నిన్న రాత్రి దీన్ని పెదనాన్న చెరువు మీద పెట్టాం. రెండుసార్లు మేమే ఏరియేటర్లు ఆపి చూశాం, రెండుసార్లూ ఫోను వచ్చింది. తర్వాత పడుకున్నాం. మూడూ ఇరవైకి మళ్ళీ మోగింది. ఈసారి మేమెవరం ఆపలేదు. వెళ్ళి చూస్తే మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. పెదనాన్న మోటార్లు ఆపి, జనరేటర్ వేసి, మాకు టీ పెట్టించారు. ధన్యవాదాలండి.

ఫోను మోగకపోతే

స్విచ్చి ఆపాక నలభై సెకన్లయినా మోగకపోతే ఇంక ఎదురుచూడను. “హాల్లో సిగ్నల్ అందినట్టు లేదండి, నిన్న రాత్రి మోగినప్పుడు తీసిన వీడియో చూపిస్తాం” అని ఒక్క ముక్క చెప్పి స్క్రీను వైపు తిరుగుతాను. వీడియో ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి, నెట్ మీద కాదు. నవ్వి కవర్ చెయ్యడం, “ఇందాక పనిచేసిందండీ” అనడం వద్దు. ఆ మాట పొద్దున్నుంచి నాలుగు టీములు అన్నాయి.

అడిగితే

*ఆక్సిజనే కొలవొచ్చు కదా?* కొలవొచ్చండి. మంచి డీవో ప్రోబు పదుల వేలు, పైగా నాచు పట్టేస్తుంది, మాటిమాటికీ శుభ్రం చెయ్యాలి. పెదనాన్నకి జరిగింది మోటార్లు ఆగిపోవడం, మేము దాన్ని పట్టుకున్నాం. ఆగకుండానే ఆక్సిజన్ పడిపోయే రోజులూ ఉంటాయి, మబ్బు పట్టినప్పుడు మరీ. అది దీనికి తెలియదు. (ఈ సంగతి దాచొద్దు. ఆక్వా తెలిసిన జడ్జి ఎలాగూ పట్టేస్తారు.)

*మొబైల్ స్టార్టర్లు ఉన్నాయి కదా?* ఉన్నాయండి. మేము మోటారుని ఆన్ చెయ్యం. ఒక ఫేజు లేకుండా దూరం నుంచి ఆన్ చేస్తే వైండింగ్ కాలిపోవచ్చు. మూడు ఫేజులకీ మూడు క్లాంపులు పెట్టాం కాబట్టి, నాలుగు ఏరియేటర్లలో ఒక్కటి ఆగినా కరెంటు తగ్గడం తెలుస్తుంది.

*మేత వేసేటప్పుడు ఆపుతారు, అప్పుడూ మోగుతుందా?* మన నంబర్ల నుంచి పెట్టెకి ఒక మిస్డ్ కాల్ ఇస్తే గంటసేపు ఊరుకుంటుంది. తర్వాత దానంతట అదే కాపలాకి వస్తుంది. మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోతారని అలా పెట్టాం.

*ఖర్చు?* ఈఎస్‌పీ32, మూడు క్లాంపులు, జీఎస్ఎం మాడ్యూలు, బ్యాటరీ, వాన తడవని పెట్టె అన్నీ కలిపి మాకు 2,900 రూపాయలయింది. ఇది 2జీ మాడ్యూలు కాబట్టి 2జీ ఉన్న సిమ్మే వెయ్యాలి. 2జీ తీసేస్తే 4జీ మాడ్యూలు మార్చాలి, ధర పెరుగుతుంది. మాడ్యూలుకిచ్చే కమాండ్లు మాత్రం చాలావరకు ఇప్పుడున్నవే.

ఎక్కే ముందు

తొమ్మిదో టీము ఎక్కగానే ల్యాప్‌టాప్ దగ్గరున్నవాళ్ళు ఇవి రెండూ కొట్టి చూడాలి:

```
AT+CSQ
AT+CREG?
```

మొదటిదానికి మొదటి అంకె 10 కంటే ఎక్కువ, 31 లోపు రావాలి (99 వస్తే సిగ్నల్ తెలియనట్టే), రెండోదానికి `0,1`. రాకపోతే యాంటెన్నాని కిటికీ వైపు జరపండి.

బ్యాటరీ నిండుగా ఉండాలి. కాల్ చేసే క్షణంలో ఆ మాడ్యూలు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, అందకపోతే రీసెట్ అయిపోతుంది. శనివారం పొద్దున ఆరు గంటలు దానితోనే పోయాయి, కోడ్‌లో తప్పేమో అని వెతుక్కుంటూ కూర్చున్నాం.

కూలరు పంపు లాగే కరెంటు మరీ తక్కువ, క్లాంపుకి ఆనదు. అందుకే ఫేజు వైరుని క్లాంపులోంచి పది చుట్లు తిప్పాం, పదింతలు చూపిస్తుంది. ఆ చుట్టలు ఎవరూ విప్పొద్దు. “ఇదేంటి ఇలా చుట్టారు” అని జడ్జి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేయండి.

పెదనాన్న ఫోనుకి ఆ టైములో ఇంకెవరూ చెయ్యకుండా పెద్దమ్మకి చెప్పి ఉంచాలి. స్విచ్చి బోర్డు టబ్బుకి దూరంగా, తడి తగలని చోట ఉండాలి. ఒక పాత తుండు తెచ్చుకోండి, టబ్బు మోసేటప్పుడు నీళ్ళు ఒలుకుతాయి.