పేపర్ బాకీ వాయిదాల గురించి

అన్నా నమస్తే, నిన్న మొన్న మీరు మూడు సార్లు ఫోన్ చేశారు, నేను ఎత్తలేదు. బిజీ అని అబద్ధం చెప్పను, ఏం చెప్పాలో తెలీక ఎత్తలేదు, అది నా తప్పే, సారీ. లెక్కలన్నీ ముందేసుకుని రాత్రి కూర్చుని ఒకటికి రెండు సార్లు చూసి ఇప్పుడు రాస్తున్నా, కొంచెం పెద్ద మెసేజే, ఓపిగ్గా చదవండి.

నా లెడ్జర్ ప్రకారం మీకు ఇవ్వాల్సింది 1,84,000. బిల్లు 412 ది 78,400, 437 ది 64,250, 451 ది 41,350. మూడిటికీ 30 రోజుల గడువు దాటింది, 412 కైతే మే 29 కే దాటింది. మీ పుస్తకంలో ఏదైనా తేడా ఉంటే ముందే చెప్పండి, తర్వాత దాని మీద మాటలొద్దు.

డబ్బు ఎందుకు ఆగిందంటే, ఏప్రిల్‌లో ఒక పెద్ద ఆర్డర్ చేశాం కదా, మీ దగ్గర తీసుకున్న పేపర్లో సగం దానికే పోయింది. సరుకు టైమ్‌కి ఇచ్చేశాం, 2,60,000 రావాలి, వాళ్ళేమో పై నుంచి సంతకం కాలేదు వచ్చే వారం అంటూ రెండు నెలలుగా తిప్పుతున్నారు. ఈలోగా ఆఫ్‌సెట్ మెషిన్ రోలర్లు పోయాయి, బేరింగ్‌తో కలిపి 70,000 అయింది, అది చేయించకపోతే ఉన్న పని కూడా ఆగిపోయేది కాబట్టి మీకోసం పక్కన పెట్టిన డబ్బే దానికి వాడేశా. అప్పుడే మీకు ఒక మాట చెప్పి ఉండాల్సింది.

ఈరోజు పొద్దున 24,000 మీ అకౌంట్‌కి వేశా, చూసుకోండి. మిగిలిన 1,60,000 ఇలా ఇస్తా:

జూలై 10 - 20,000
జూలై 25 - 30,000
ఆగస్టు 10 - 30,000
ఆగస్టు 25 - 40,000
సెప్టెంబర్ 10 - 40,000

పాత బిల్లు నుంచి జమ చేసుకుంటూ వస్తే ఆగస్టు 10 కి 412 తెగిపోతుంది, 25 కి 437 కూడా అయిపోతుంది, చివరిది 451 ఒక్కటే మిగుల్తుంది. మొదట్లో తక్కువ పెట్టానేంటి అనుకుంటారేమో, మెషిన్ మెకానిక్‌కి ఇంకా కొంచెం ఇవ్వాలి, అది ఈ నెలతో అయిపోతుంది. ఈ తారీఖులు కూడా ఊరికే వేసినవి కాదన్నా, లేబుల్స్ తీసుకునే పార్టీ ప్రతి నెలా 22 లోపు ఇచ్చేస్తాడు, దాన్ని బట్టి 25, రోజూ వచ్చే చిల్లర పనుల డబ్బు కూడబెట్టి 10. ఆ పెద్ద పార్టీ డబ్బు ఇందులో ఒక్క రూపాయి కూడా కలపలేదు, వాళ్ళని నమ్మి ఇంకోసారి మీకు మాట ఇవ్వలేను. అది వచ్చిందంటే మాత్రం ఆరోజే మీ బాకీ మొత్తం ఒకేసారి కట్టేస్తా.

ఇంకోటి, ఆర్ట్ పేపర్ 18 రీములు కవర్ కూడా విప్పకుండా అలాగే ఉన్నాయి, తడి తగలకుండా చెక్క మీదే పెట్టాం. మీకు వేరే ఎవరికైనా అమ్ముడుపోతుందనుకుంటే వెనక్కి తీసుకోండి, ఆటో ఖర్చు నాదే, ఆ విలువ చివరి వాయిదాలో తగ్గించండి. వద్దంటే పర్లేదు.

అడగడానికి మొహమాటంగానే ఉంది కానీ సప్లై మాత్రం పూర్తిగా ఆపకండి. ఇకనుంచి ఈ బాకీ తీరేదాకా కొత్తగా తీసుకునేదంతా క్యాష్, డబ్బు పడ్డాకే సరుకు పంపండి, అప్పు మీద అప్పు పెరగదు. వారానికి 15 రీములు మ్యాప్‌లిథో వస్తే చాలు చేతిలో ఉన్న పనులు నడుస్తాయి, అవి నడిస్తేనే పైన రాసిన వాయిదాలు కూడా కట్టగలను. చెక్కులు కావాలంటే అయిదూ ఒకేసారి రాసిస్తా, బ్యాంకులో వేసే ముందు రోజు ఒక్క ఫోన్ కొట్టండి చాలు. ఆలస్యానికి మీరు వడ్డీ వేసుకుంటానంటే ఎంతో ఇప్పుడే చెప్పండి, కాదనను, చివర్లో కలిపి ఇస్తా.

తారీఖులు అటూ ఇటూ మార్చాలన్నా, మొదటి రెండూ ఇంకొంచెం పెంచాలన్నా చెప్పండి, జూలై 25 ది 35,000 దాకా లాగగలను, 10 వ తారీఖుది మాత్రం పెంచితే మాట తప్పుతా. మీకూ పైన మిల్లు వాళ్ళకి కట్టేది ఉంటుందని తెలుసు. ఓకే అయితే ఇక్కడే సరే అని ఒక మెసేజ్ పెట్టండి, ఇద్దరికీ రాతలో ఉంటుంది. లేదు కూర్చుని మాట్లాడదాం అంటే రేపు సాయంత్రం 6 తర్వాత లెడ్జర్ తీసుకుని మీ గోడౌన్‌కే వస్తా. ఫోన్ చేసినా ఈసారి ఎత్తుతా అన్నా.