క్యాప్‌స్టోన్ ప్రాజెక్ట్ డెమో: ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మూల్యాంకన నివేదిక

ప్రాజెక్ట్ మూల్యాంకన కమిటీకి

ప్రాజెక్ట్: వైబ్రేషన్ ద్వారా బాల్ బేరింగ్ లోపాన్ని పసిగట్టే పరికరం
బృందం: ఫైనల్ ఇయర్ విద్యార్థులు నలుగురు
ఎక్స్‌టర్నల్ మార్కులు: 100 (పనిచేసే ప్రోటోటైప్ 40, టెస్టింగ్ ఆధారాలు 35, ప్రశ్నలకు జవాబులు 25)

మొదటి రెండు అంశాల మార్కులు బృందమంతటికీ ఒకటే. మూడోది ఎవరికి వారికే. స్లైడ్లకు, పోస్టర్‌కు, పరికరాన్ని పెట్టిన పెట్టె నునుపుకు నా దగ్గర మార్కుల్లేవు. పెట్టె నిజంగానే బాగుంది, ఆ మాట ఇక్కడితో సరి.

పనిచేసే ప్రోటోటైప్: 29/40

రిగ్ ఇలా ఉంది. 1 హెచ్‌పీ, నాలుగు పోల్ ఇండక్షన్ మోటారు ఒక షాఫ్ట్‌ను తిప్పుతుంది. షాఫ్ట్ చివర హౌసింగ్‌లో 6205 బేరింగ్. ఆ పక్కనే బెల్ట్ బ్రేక్ డ్రమ్‌తో లోడ్. హౌసింగ్ మీద ఏడీఎక్స్ఎల్345 సెన్సర్ ఉంది. అది పంపే డేటాను ఈఎస్‌పీ32 బోర్డు సెకనుకు 800 శాంపిళ్ల చొప్పున తీసుకుని, 1024 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ చేసి, లోపం ఉందనుకుంటే ఎర్ర దీపం వెలిగించి ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. లోపమున్న బేరింగ్‌కు అవుటర్ రేస్ మీద 2 మిల్లీమీటర్ల గాటు పెట్టారు.

వాళ్లు సిద్ధం చేసుకున్న వరసలో డెమో చూడ్డానికి నేను ఒప్పుకోలేదు. నలుగురినీ బయటికి పంపి, మంచి హౌసింగ్ బిగించాలో చెడ్డది బిగించాలో ల్యాబ్ టెక్నీషియన్‌కు నేనే చెప్పాను. తర్వాత వాళ్లను లోపలికి పిలిచి పరికరం ఏమంటుందో చూశాం. ఫుల్ లోడ్ మీద మూడుసార్లు చేస్తే మూడుసార్లూ సరిగ్గానే చెప్పింది. ముందుగా తెలిసిన జవాబును మళ్లీ చూపించడం వేరు, ఇది వేరు. ప్రోటోటైప్ మార్కుల్లో ఎక్కువ భాగం వచ్చింది ఇక్కడే.

నాలుగోసారి చెడ్డ బేరింగే ఉంచి, బ్రేక్ బెల్ట్ వదులు చేయమన్నాను. దీపం ఆరిపోయింది. గాటు ఉంది, చప్పుడు చెవికి వినబడుతూనే ఉంది, పరికరం మాత్రం అంతా బాగుందంటోంది.

కారణం కోడ్‌లోని ఈ ఒక్క వరసలో ఉంది:

```
if (peak(85.0, 87.0) > TH) alarm();
```

6205 బేరింగ్‌లో అవుటర్ రేస్ లోపం ఫ్రీక్వెన్సీ షాఫ్ట్ ఫ్రీక్వెన్సీకి సుమారు 3.585 రెట్లు. ఫుల్ లోడ్ మీద 1440 ఆర్‌పీఎం అంటే 24 హెర్ట్జ్, కాబట్టి లోపం దాదాపు 86 దగ్గర కనబడుతుంది. లోడ్ తీసేస్తే స్లిప్ తగ్గుతుంది. రిగ్ మీదున్న టాకోమీటర్ 1490 చూపించింది. అప్పుడు అదే లోపం 89 హెర్ట్జ్‌కు జరిగిపోతుంది. పరికరం మాత్రం 85 నుంచి 87 మధ్యనే వెతుకుతూ కూర్చుంది. లోడ్ మారని మోటారు బయట ఎక్కడా ఉండదు కాబట్టి దీన్ని చిన్న లోపంగా లెక్కేయలేను. టాకోమీటర్ అదే బల్ల మీద ఉండి కూడా బోర్డుకు కనెక్ట్ చేయకపోవడం మరీ వింతగా అనిపించింది. దీనికి 8 మార్కులు తగ్గించాను.

ఫోన్ మెసేజ్ ఒకసారి దాదాపు 40 సెకన్లు ఆలస్యంగా వచ్చింది, దానికి 2 తగ్గించాను. కరెంటు పోయి వచ్చాక బోర్డు తనంతట తాను మొదలవలేదు, చేత్తో రీసెట్ నొక్కాల్సి వచ్చింది. దానికి 1.

డెమో మధ్యలోనే బృందం ఆ వరసను మార్చి, ఆర్‌పీఎం చేత్తో టైప్ చేసి 3.585తో హెచ్చవేసేలా చేసింది. పరికరం మళ్లీ సరిగ్గా చెప్పింది. ఆ మార్పుకు ప్రోటోటైప్ కింద మార్కులివ్వలేదు. నేను మూల్యాంకనం చేయాల్సింది వాళ్లు తెచ్చిన పరికరాన్ని, నా ముందు దిద్దిన దాన్ని కాదు. ఆ దిద్దుబాటు వెనకున్న ఆలోచనకు మాత్రం మూడో అంశంలో మార్కులు పడ్డాయి. ఈ విభజన గైడ్ గారికి నచ్చలేదు. అయినా నా నిర్ణయం ఇదే.

టెస్టింగ్ ఆధారాలు: 19/35

మొదట మెచ్చుకోవాల్సినవి. ప్రతి పరీక్షకూ ముడి డేటా సీఎస్‌వీ ఫైల్‌గా ఉంది. నేను ఏదో ఒక ఫైల్ నంబర్ చెబితే దాన్ని తెరిచి, అదే కోడ్‌తో నడిపి, రిపోర్ట్‌లోని అంకెనే చూపించారు. మంచి బేరింగ్ మీద ఒకసారి తప్పుగా అలారం మోగిన పరీక్షను తీసేయకుండా ఉంచారు. సెన్సర్‌ను ఆరు వైపులా తిప్పి భూమ్యాకర్షణతో క్యాలిబ్రేషన్ సరిచూశారు.

వీటన్నిటికంటే నాకు నచ్చినది రిపోర్ట్ చివర అనుబంధంలో ఎవరూ చూడని చోట ఉంది. సెన్సర్‌ను మొదట డబుల్ సైడ్ టేప్‌తో అంటించి, తర్వాత స్క్రూతో బిగించి, రెండు స్పెక్ట్రమ్‌లనూ ఒకే స్కేల్ మీద వేశారు. టేప్ మీద 250 హెర్ట్జ్ దాటాక హార్మోనిక్స్ ఎలా చప్పబడ్డాయో అందులో స్పష్టంగా కనబడుతోంది. ఒక డిజైన్ నిర్ణయం వెనక కొలత ఉండటమంటే అది. అలాంటి పేజీలు ఇంకో మూడుంటే ఈ విభాగం మార్కులు వేరేగా ఉండేవి.

ఇక అసలు ఇబ్బంది. రిపోర్ట్ మొదటి పేజీలో '98 శాతం కచ్చితత్వం' అని ఉంది. లెక్క 40 పరీక్షల్లో 39 సరి. అంకె అబద్ధం కాదు. కానీ అలారం హద్దును కుదిర్చింది కూడా ఆ 40 పరీక్షలు చూసే. ప్రశ్నపత్రం చూసి చదువుకుని, అదే పేపర్ రాసి, వచ్చిన మార్కులు చూపిస్తే ఎవరు నమ్ముతారు? కనీసం 20 పరీక్షలతో హద్దు పెట్టుకుని, మిగతా 20ని ముట్టుకోకుండా ఉంచాల్సింది. దీనికి 7 తగ్గాయి.

చెడ్డ బేరింగ్ పరీక్షలు 20. అన్నీ ఒకే బేరింగ్ మీద, ఒకే గాటు మీద, హౌసింగ్ విప్పకుండా, ఒకే మధ్యాహ్నం చేశారు. ఫైళ్ల సమయాలే ఆ సంగతి చెబుతున్నాయి. నిజంగా ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేసి 20లోనూ పట్టుకున్నా, అసలు తప్పిపోయే రేటు 14 శాతం వరకు ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. ఇక్కడైతే అవి 20 పరీక్షలు కూడా కావు, ఒకే పరీక్షను 20 ముక్కలు చేసినట్టు. బేరింగ్ విప్పి మళ్లీ బిగించి ఐదుసార్లు చేసి ఉంటే ఇంతకంటే ఎక్కువ తెలిసేది. నో లోడ్ సమస్య బయటపడకపోవడానికి కారణం కూడా ఇదే: 40లో ఒక్కటీ వేరే లోడ్ మీద చేయలేదు. 6 తగ్గించాను.

లోపాన్ని 'తొలి దశలోనే' పట్టుకుంటుందన్న మాటకు ఆధారం లేదు. 2 మిల్లీమీటర్ల గాటు తొలి దశ కాదు. నిజంగా తొలి దశ లోపం కొన్ని కిలోహెర్ట్జ్‌ల దగ్గర రెజొనెన్స్‌గా మొదలవుతుంది. 800 శాంపిళ్లతో 400 హెర్ట్జ్ పైన ఏమీ కనబడదు. ఈ మాటకు 3 తగ్గించాను.

ప్రశ్నలకు జవాబులు: 25కి, విడివిడిగా

సిగ్నల్ విశ్లేషణ చేసిన విద్యార్థిని: 23. మంచి బేరింగ్ స్పెక్ట్రమ్‌లో 100 హెర్ట్జ్ దగ్గరున్న శిఖరం ఏమిటని అడిగాను. పక్కనున్న అబ్బాయి 'నాయిస్ సార్' అన్నాడు. ఈమె ఒప్పుకోలేదు. 'షాఫ్ట్ వేగానికి నాలుగు రెట్లు 96 కదా, ఇది 100. కరెంటు 50 హెర్ట్జ్‌కు రెట్టింపు, మోటారు నుంచి వస్తోంది అనుకుంటున్నాను' అంది. ఎలా నిరూపిస్తావని అడిగితే వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేసింది. షాఫ్ట్ ఇంకా తిరుగుతూనే ఉంది, 100 దగ్గరి శిఖరం మాత్రం వెంటనే మాయమైంది. మిగతావి వేగంతో పాటు మెల్లగా కిందికి జారాయి. ఆ రోజు నేను చూసిన జవాబుల్లో ఇదే మేటి. విండో ఫంక్షన్ ఎందుకన్నదానికి జవాబు కొంత తడబడింది, 2 తగ్గాయి.

ఫర్మ్‌వేర్ రాసిన విద్యార్థి: 20. 800 శాంపిళ్లే ఎందుకన్న ప్రశ్నకు, ఐ2సీ బస్ 400 కిలోహెర్ట్జ్ మీద సెన్సర్ డేటాషీట్ ఇచ్చిన హద్దు అదేనని, ఎస్‌పీఐకి మారితే 3200 వరకు వెళ్లొచ్చని సూటిగా చెప్పాడు. మరి ఎందుకు మారలేదంటే, 'బోర్డు అప్పటికే చేయించేశాం సార్' అన్నాడు. నిజాయితీగా చెప్పిన కారణం, మంచి కారణం కాకపోయినా. నో లోడ్ వైఫల్యం వచ్చినప్పుడు కాసేపు టెన్షన్ పడ్డాడు కానీ స్పెక్ట్రమ్ తెరిచి శిఖరం ఎక్కడికి జరిగిందో తనే వెతికి పట్టుకున్నాడు. బోర్డు ఎందుకు రీసెట్ కావట్లేదో చెప్పలేకపోయాడు.

రిగ్ తయారుచేసిన విద్యార్థి: 19. బేరింగ్ మీద రేడియల్ లోడ్ ఎంతని అడిగితే 'కొలవలేదు సార్, బెల్ట్ చేత్తో చూసి బిగించాం' అన్నాడు. తెలియనిది తెలియదనడం నా దగ్గర నష్టం కాదు. ఎలా కొలుస్తావంటే, బెల్ట్ రెండు వైపులా స్ప్రింగ్ బ్యాలెన్స్‌లు పెడితే తేడా టార్క్‌ను ఇస్తుందని, బేరింగ్ మీద పడేది మాత్రం రెండూ కలిపిన లోడ్ అని చెప్పాడు. ఆ రెండో ముక్కను చాలామంది తప్పు చెబుతారు. బేరింగ్ ఫిట్ గురించిన ప్రశ్నకు జవాబు రాలేదు. 100 హెర్ట్జ్‌ను నాయిస్ అన్నది కూడా ఇతనే.

యాప్, రిపోర్ట్ చూసిన విద్యార్థి: 11. 'తొలి దశ' అంటే ఎంత ముందు అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ డాష్‌బోర్డ్ గురించే చెప్పాడు. మూడోసారి అడిగేలోపు గైడ్ గారు జవాబు అందించారు. అది సరైన జవాబే, కానీ విద్యార్థిది కాదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. మెసేజ్ ఎందుకు ఆలస్యమైందో మాత్రం బాగా వివరించాడు, వచ్చిన 11లో ఎక్కువ అక్కడివే.

మొత్తం

| విద్యార్థి | ప్రోటోటైప్ | టెస్టింగ్ | జవాబులు | మొత్తం |
|---|---|---|---|---|
| సిగ్నల్ విశ్లేషణ | 29 | 19 | 23 | 71 |
| ఫర్మ్‌వేర్ | 29 | 19 | 20 | 68 |
| రిగ్ | 29 | 19 | 19 | 67 |
| యాప్, రిపోర్ట్ | 29 | 19 | 11 | 59 |

రిపోర్ట్ బైండింగ్‌కు వెళ్లేముందు రెండు వాక్యాలు మారాలి. '98 శాతం కచ్చితత్వం' బదులు '1440 ఆర్‌పీఎం వద్ద, ఒకే లోపమున్న బేరింగ్ మీద, 40 పరీక్షల్లో 39 సరి' అని రాయాలి. 'తొలి దశలోనే' అన్న మాట తీసేయాలి. డెమోలో బయటపడ్డ నో లోడ్ వైఫల్యాన్ని పరిమితుల అధ్యాయంలో ఆ స్పెక్ట్రమ్‌తో సహా చేర్చాలి. దీనివల్ల మార్కులు పెరగవు, తగ్గవు. మార్కులను కమిటీ పునఃపరిశీలించాలనుకుంటే, నేను డెమోలో సేవ్ చేయించిన ఐదు లాగ్ ఫైళ్లు ల్యాబ్ కంప్యూటర్‌లో `external_demo` ఫోల్డర్‌లో ఉన్నాయి. వాటిని తెరిచి చూసిన తర్వాత నన్ను పిలవండి.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్