వంశీ, ఇంటి పని, బిల్లుల సంగతి

ఒరే వంశీ,

నువ్వు లేచాక చదువుతావని ఇప్పుడే పెడుతున్నా. ఎదురుగా చెబుదామని రెండుసార్లు అనుకున్నా కానీ నేను ఇంటికొచ్చేసరికి నువ్వు రుషికొండ క్యాబ్ ఎక్కేస్తున్నావు. పైగా నీ మొహం చూస్తే నా కోపం పోతుంది, చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నా. కొంచెం పెద్దదే, చివరిదాకా చదువు.

ముందు మొన్న ఆదివారం సంగతి. హార్బర్‌కి వెళ్లి రొయ్యలు తెచ్చి ఇగురు చేశావు. దానికి వంక పెట్టను, నేనే మూడుసార్లు వడ్డించుకున్నా. కానీ తొక్కలన్నీ కవర్లో కట్టి, సింకు కింద పెట్టి డ్యూటీకి వెళ్లిపోయావు. సోమవారం పొద్దున చెత్త బండి వచ్చి వెళ్లిపోయింది. ఆ కవర్ అక్కడుందని నాకు తెలీనే తెలీదు. సాయంత్రం ఆటోనగర్ నుంచి వస్తుంటే వాచ్‌మన్ భార్య మెట్ల దగ్గరే ఆపి, "ఏటి బాబూ, మీ ఇంట్లో ఏటైనా సచ్చిందేటి?" అని అడిగింది. కవర్ అడుగున చిల్లి. ఆ నీళ్లు టైల్స్ సందుల్లోంచి గ్యాస్ బండ కిందికి పోయాయి. బండ జరిపి, ఫినాయిల్ పోసి మూడుసార్లు కడిగా. మూకుడు కూడా అలాగే ఉంది, అడుగంటిన మసాలాతో. దాన్ని రాత్రంతా నానబెట్టి తోమింది కూడా నేనే.

ఇది ఒక్కరోజుదైతే ఇంత రాసేవాణ్ణి కాదు. బాత్రూమ్ నువ్వు చివరిసారి కడిగింది జూన్‌లో, మీ అమ్మగారు వస్తున్నారని. ఈ ఊరి తేమకి వారం వదిలేస్తే గోడ మూలల్లో నల్లటి చారలు వచ్చేస్తాయి. హాలు ఊడ్చడం, తడిబట్ట పెట్టడం, స్టవ్ తుడవడం కూడా మూడు నెలలుగా నా మీదే పడ్డాయి. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషికి ఒళ్లు వంగదు, నాకు తెలుసు. కానీ నేనూ రోజంతా నిలబడి చేసే పనే కదా.

ఇక డబ్బులు. అద్దె ఎప్పుడూ టైముకే ఇస్తున్నావు, ఆ పేచీ లేదు. మిగతావే. జూన్, జూలై, ఆగస్టు కరెంటు బిల్లులు 2,140, 2,310, 1,980, మొత్తం 6,430. వైఫై మూడు నెలలకి 2,121. గ్యాస్ 870. మంచినీళ్ల క్యాన్లు 32, ఒక్కోటి 30 చొప్పున 960. మెయింటెనెన్స్ నేను రెండు నెలలు కట్టా, 2,400. ఇవన్నీ కలిపి నా చేతిలోంచి పోయింది 12,781. జూలై మెయింటెనెన్స్ 1,200 నువ్వు కట్టావు. రెండూ కలిపితే 13,981, సగం 6,990 యాభై పైసలు. నువ్వు కట్టిన 1,200, జూలైలో నాకు పంపిన 1,500 తీసేస్తే నాకు రావాల్సింది 4,290. ఆ యాభై పైసలు నీకు వదిలేశా, పండగ చేసుకో. స్క్రీన్‌షాట్లు ఇందాకే పంపా. ఎక్కడైనా తప్పుంటే చెప్పు, సరిచేస్తా.

కరెంటు గురించి ఇంకో మాట. ఏప్రిల్‌లో నీ గదిలో ఏసీ పెట్టకముందు మనకి నెలకి 150 యూనిట్లు, 650 రూపాయలు అటూఇటూగా వచ్చేది. ఇప్పుడు 300 దాటుతోంది. 225 దాటాక యూనిట్ 8.75 పడుతుందని నీకూ తెలుసు. నా గదిలో ఉన్నది ఫ్యానే. పగలు పడుకోవాలి కాబట్టి నీకు ఏసీ కావాల్సిందే, కాదనను. పాత మూడు నెలలూ సగం సగమే వేశా, దాన్ని మళ్లీ తవ్వను. సెప్టెంబర్ బిల్లు నుంచి 650 వరకు చెరిసగం, ఆ పైన ఎంతైనా నీదే.

పని విషయంలో నేను అనుకుంటున్నది ఇదీ. నీ క్యాబ్ పొద్దున ఆరింటికి దింపుతుంది, చెత్త బండి ఆరున్నరకి వస్తుంది. పడుకునేముందు తడి, పొడి బకెట్లు రెండూ కిందికి దించు, రోజూ. బాత్రూమ్ ఒక వారం నువ్వు, ఒక వారం నేను. ఈ ఆదివారం నీది. వండినవాళ్లు గిన్నెలు ఆ రాత్రికే తోమాలి. ఇదంతా కష్టమనుకుంటే మూడో అంతస్తులో పనిచేసే ఆవిడ నెలకి 1,800కి వస్తానంటోంది, చెరో 900. ఏదైనా సరే, నేనొక్కణ్ణే చేసే పద్ధతి మాత్రం ఇక కుదరదు.

4,290 శుక్రవారంలోగా పంపెయ్. ఒకేసారి ఇబ్బందైతే సగం ఇప్పుడు, సగం జీతం పడ్డాక ఇవ్వు. కానీ ఏ తారీఖో ఈరోజే చెప్పు, సైలెంట్‌గా మాత్రం ఉండకు. నవంబర్‌లో అద్దె అగ్రిమెంట్ మళ్లీ రాయించాలి. ఈ లెక్క తేలకుండా నేను సంతకం పెట్టను, ముందే చెబుతున్నా.

ఆదివారం పొద్దున టీ నేను పెడతా, కూర్చుని మాట్లాడుకుందాం. నావైపు ఏమైనా లోపాలుంటే అప్పుడు అడుగు. తెల్లారి మిక్సీ సౌండ్ గురించి ఎలాగూ అడుగుతావు, ఆ తప్పు ఒప్పుకుంటున్నా. ఈరోజు నుంచి చట్నీ రాత్రే చేసి పెట్టుకుంటా.

హరీష్